శుక్రవారం ఓటీటీ జాబితాలో దేశం పేరు ఏది?

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రతి శుక్రవారం మీ పత్రికలో వచ్చే ఓటీటీ జాబితాను ఫోనుతో ఫొటో తీసి, ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్న మా అమ్మాయికి పంపడం నాకు అలవాటు. మేము మధ్యాహ్న భోజనానికి కూర్చునే వేళకు అక్కడ తెల్లవారి, జవాబు వస్తుంది: ‘నాన్నా, ఆరింటిలో నాలుగు ఇక్కడ రావు.’ మీ జాబితాలో సినిమా పేరు ఉంటుంది, యాప్ పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది. ఏ దేశంలో అన్నది మాత్రం ఉండదు. మా ఎం.వి.పి. కాలనీలో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. సాయంత్రం పార్కులో కలిసినప్పుడు మాలో మేము చెప్పుకొనే విషయాల్లో ఇదొకటి.

తెలుగు సినిమా డిజిటల్ హక్కులు అన్నిసార్లూ ఒకే మూటగా అమ్ముడుపోవు. మన దేశానికి ఒకరు, విదేశాలకు మరొకరు కొనుక్కోవడం ఉంది. సింప్లీ సౌత్ అనే సేవ దక్షిణాది సినిమాలను భారతదేశం తప్ప మిగతా ప్రపంచానికి అందిస్తుంది. ఆ షరతును విడుదల ప్రకటన మీదే వేస్తుంది కాబట్టి చూసేవారికి అనుమానం ఉండదు. ఇక్కడి యాప్‌లలో చాలా వాటికి ఇలాంటి హద్దులే ఉన్నా, వాటిని అంత స్పష్టంగా చెప్పరు. రెండు దేశాల్లోనూ ఉన్న యాప్ అయినా లోపలి సరుకు ఒకటి కాదు. నెట్‌ఫ్లిక్స్‌నే తీసుకుంటే, కట్టే ధర ఖాతా ఏ దేశానిదన్న దాన్ని బట్టి ఉంటుంది. కనిపించే సినిమాలు మాత్రం మనం ఆ పూట ఏ దేశంలో ఉన్నామన్న దాన్ని బట్టి మారతాయి. ఇక్కడ చందా కట్టి అక్కడ చూద్దామనుకునే వారి లెక్క తప్పేది ఈ తేడా దగ్గరే.

నా లెక్క కూడా అక్కడే తప్పింది. సంక్రాంతి కానుకగా అమ్మాయి ఇంటికి ఒక యాప్ ఏడాది చందా ఇక్కడి నుంచి యూపీఐతో కట్టాను. పౌండ్లలో కంటే రూపాయల్లో చవక కదా అన్న తెలివి. వాళ్లు అక్కడ టీవీలో తెరిస్తే ‘మీ ప్రాంతంలో అందుబాటులో లేదు’ అని వచ్చింది. ఆ సంస్థ వాళ్లను అడిగితే షరతుల పత్రంలో ఎక్కడో లోపలి పేరా చూపించి, డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదన్నారు. పేరా ఉన్న మాట నిజమే. డబ్బు కట్టే తెర మీద మాత్రం ఆ ముక్క లేదు.

చవక అన్న ఆశకు కారణం లేకపోలేదు. ఇక్కడ నెట్‌ఫ్లిక్స్ ప్రీమియం నెలకు 649 రూపాయలు ఉండగా, అమెరికాలో అదే ప్లాన్ 2025 జనవరి పెంపుతో 24.99 డాలర్లయింది. అంటే మూడు రెట్ల పైమాటే. కానీ తక్కువ ధర ఖాతాను దూరాన వాడుకొనే దారిని 2023లోనే కట్టేశారు. ఆ ఏడాది మే నెలలో అమెరికా, బ్రిటన్ సహా వందకు పైగా దేశాల్లో, జూలైలో మన దగ్గర, ఒక ఖాతా ఒక ఇంటికే అన్న నియమం అమలులోకి వచ్చింది. ఇల్లంటే చుట్టరికం కాదు, ఒకే ఇంటర్నెట్ కనెక్షన్.

మా కుటుంబం సంగతి చెబితే ఇది తేలికగా అర్థమవుతుంది. అమ్మాయి కుటుంబం రెడింగ్‌లో, మా అల్లుడి తమ్ముడు మాంచెస్టర్‌లో, మేమిద్దరం విశాఖలో. అమ్మాయి పేరున అక్కడ నెట్‌ఫ్లిక్స్ నాలుగు తెరల ప్లాన్ ఒకటి తీసుకుంటే మూడిళ్లకూ సరిపోతుందని మొదట అనుకున్నాం. నాలుగు తెరలంటే ఒకే ఇంట్లో ఒకేసారి నలుగురు చూడవచ్చని అర్థం, నాలుగు ఇళ్లని కాదు. మాంచెస్టర్ అబ్బాయిని అదనపు సభ్యుడిగా, అదనపు రుసుముతో చేర్చుకోవచ్చు, ఎందుకంటే అతను ఖాతా ఉన్న దేశంలోనే ఉన్నాడు. విశాఖలో ఉన్న మమ్మల్ని చేర్చలేరు. పాస్‌వర్డ్ ఇచ్చినా పని జరగదని మరో యాప్‌తో తెలుసుకున్నాం. అది నా పేరున ఉన్న ఖాతా. అక్కడ రాత్రి ఎనిమిదికి వాళ్లు టీవీ పెడితే ధ్రువీకరణ కోడ్ నా ఫోనుకు వచ్చేది. అప్పుడు మనకు అర్ధరాత్రి పన్నెండున్నర. నేను లేచి, కళ్లజోడు వెతుక్కొని, అంకెలు చదివి చెప్పేసరికి గడువు దాటిపోయేది. రెండు వారాలు ఓపిక పట్టి మానేశాం.

చివరికి అమ్మాయి ఇంటికి కుదిరిన పద్ధతి ఇది. వియ్యపురాలు ఆర్నెల్లు అక్కడ ఉంటారు, ఆవిడకు సీరియల్ ముఖ్యం. సీరియల్‌కు దారి ఛానల్‌ను బట్టి దొరుకుతుంది: జీ తెలుగుకు జీ5, జెమినీకి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్, స్టార్ మాకు జియోహాట్‌స్టార్. ఆ యాప్ వాళ్ల దేశంలో నడుస్తోందో లేదో మాత్రం ముందు చూసుకోవాలి. హాట్‌స్టార్‌నే అమెరికాలో 2022లో ఆపేసి, అందులోని కార్యక్రమాలను హులు అనే అక్కడి యాప్‌కు తరలించారు. సినిమాలకు ఈ దారి చెల్లదు, ఏ సినిమా ఎవరి దగ్గర ఉందో విడిగా వెతకాల్సిందే. అందుకని అమ్మాయి తాము చూడాలనుకున్న పది సినిమాల పేర్లు కాగితం మీద రాసుకుంది. అందులో కొత్తవి, పాతవి, పిల్లల కోసం ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు ఉండాల్సినవి ఉన్నాయి. ఏ సినిమా ఏ యాప్‌లో ఉందో చెప్పే జస్ట్‌వాచ్ అనే సైటులో, దేశాన్ని బ్రిటన్‌గా ఎంచుకొని వెతికింది. ఆ తరువాత యాప్‌లోనే వెతికి, అసలు ధ్వని తెలుగా లేక హిందీ డబ్బింగా అని చూసుకుంది. ‘తెలుగు’ అన్న వరుసలో బొమ్మలు నిండుగా కనిపిస్తాయి గానీ, నొక్కితే వాటిలో కొన్ని వేరే భాషల సినిమాలకు తెలుగు డబ్బింగులు. పదిలో ఆరు దొరికిన యాప్‌కూ, సీరియల్ యాప్‌కూ నెల చందాయే కట్టారు. ఏడాది చందా జోలికి పోలేదు, వియ్యపురాలు తిరిగి వచ్చాక సీరియల్ యాప్ ఎవరూ తెరవరు కదా.

చందా పౌండ్లలో ఉందో డాలర్లలో ఉందో చూసుకోవడం కూడా అవసరమే. బ్రిటన్‌లో ఇంటి వాడకానికి చూపే ధరలో వ్యాట్ కలిసే ఉంటుంది. డాలర్లలో వసూలు చేసే యాప్ అయితే అక్కడి చాలా కార్డులు దాదాపు 3 శాతం విదేశీ లావాదేవీ రుసుము వేస్తాయి. మొత్తం పెద్దది కాదు గానీ, రేటు కదిలినప్పుడల్లా బిల్లూ కదులుతుంది.

ఇక నేను కోరేవి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలలో, ఆన్‌లైన్ వ్యాపారుల మోసపు పోకడలు పదమూడింటిని పేర్కొన్నారు. చందా వదిలించుకోకుండా అడ్డుపడటం, అసలు ధరను చివరిదాకా దాచడం వాటిలో ఉన్నాయి. ఈ చందా ఏ దేశంలో పనిచేస్తుందో చెప్పకుండా డబ్బు తీసుకోవడం విడిగా ఆ పట్టికలో లేదు. డబ్బు కట్టే తెర మీదే, మీట పక్కనే, ‘భారతదేశంలో మాత్రమే’ అని తెలుగులో రాయించడానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు, ఆ పట్టికను పొడిగిస్తే చాలు. నాలాంటి అనుభవం అయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. నేను చేశాను. జవాబు ఇంకా రాలేదు.

మీ పత్రికను కోరేది అంతకంటే చిన్నది. శుక్రవారం జాబితాలో ప్రతి సినిమా పక్కన ‘ఇక్కడ’, ‘విదేశాల్లో’, ‘రెండూ’ అన్న మూడింటిలో ఒక మాట వేయండి. చోటు చాలకపోతే పక్కనున్న నటీనటుల ఫొటో కొంచెం తగ్గించండి, వాళ్లేమీ అనుకోరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.