నిరూపించాల్సింది ఫ్యాక్టరీయే: కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శికి బహిరంగ లేఖ

అయ్యా,

జంట జలాశయాల దగ్గర పరిశ్రమల దరఖాస్తులు చూసేటప్పుడు నాయుడు కేసు తీర్పు పక్కన పెట్టుకోండి. ఆ కేసులో ఒక కంపెనీ హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లకు 10 కిలోమీటర్ల లోపు ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెడతానంది. నీటికి హాని లేదని నిరూపించాల్సింది ఫ్యాక్టరీయేనని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పరిధిలోని నిషేధం నుంచి దానికి ప్రభుత్వమిచ్చిన మినహాయింపు 2000 నాటి తీర్పులో నిలవలేదు.

ముందుజాగ్రత్త సూత్రమంటే ఇదే. కాబట్టి ‘కాలుష్యం జరుగుతుందనడానికి ఆధారం లేదు’ అని ఫైల్లో రాసి అనుమతివ్వడం కుదరదు. రసాయనం కారితే భూగర్భజలానికి చేరదని దరఖాస్తుదారే చూపాలి.

నీరు చెడ్డాక వర్తించేది మరొకటి: పాడుచేసినవారే చెల్లించాలి. ఉల్లంఘన రోజుల లెక్కన వేసే పరిహారంతో ఇది తీరదు. తోళ్ల పరిశ్రమలపై 1996లో వచ్చిన వెల్లూరు తీర్పు, బాధితుల నష్టంతో పాటు నేలనూ నీటినీ బాగుచేసే ఖర్చూ కట్టాలంది. నోటీసులో ఈ రెండో లెక్క లేకపోతే ఆ భారం ఊరి మీదే పడుతుంది. వానలకు ముందూ తర్వాతా బోరునీటి నమూనాలు తీయించి, ఆ లెక్క కట్టించండి.