తాగుడు సంగతి అడగకుండా కార్టిసాల్ పరీక్షా?

సంపాదకుల వారికి నమస్కారం.

ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన నాకు, మా బావగారి అనుభవం చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ఆయనకు 46 ఏళ్లు. మొహం గుండ్రంగా ఉబ్బి ఎర్రబడింది, పొట్ట పెరిగింది, కాళ్లు సన్నబడ్డాయి, బీపీ వచ్చింది. ఒక ఆసుపత్రిలో, ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ మితిమీరే కుషింగ్స్ వ్యాధేమో అన్నారు. రాత్రి 11 గంటలకు ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర వేసి, పొద్దున 8 గంటలకు రక్తం తీశారు. మామూలు మనిషికి ఆ మాత్రతో కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాముల లోపుకు పడిపోవాలి. ఆయనకు 4.6 వచ్చింది. 24 గంటల మూత్రంలోనూ కాస్త ఎక్కువే ఉంది. వెంటనే ఎంఆర్ఐ తీస్తే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న మచ్చ కనిపించింది. కార్టిసాల్‌ను పెంచుతున్న గడ్డ అదేనని, ముక్కు ద్వారా ఆపరేషన్ చేయాలని అన్నారు. ఇల్లంతా టెన్షన్.

మరో ఊళ్లో ఎండోక్రైనాలజిస్టు మా అక్కను పక్కకు పిలిచి ఒకటే అడిగారు: "రోజూ తాగుతారా?" ఏళ్ల తరబడి రాత్రిపూట క్వార్టర్ ఖాళీ చేసేవారని అప్పుడు బయటపడింది. అంతకుముందు ఎవరూ అడగలేదు, మా అక్కా చెప్పలేదు. డాక్టరు పర్యవేక్షణలో మానిపించారు, ఎందుకంటే బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. ఆరు వారాల తర్వాత అదే మాత్ర, అదే పరీక్ష: 1.1. మొహం వాపు తగ్గింది. మచ్చ అలాగే ఉంది. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ సుమారు పది మందిలో ఒకరికి అలాంటి మచ్చ ఎంఆర్ఐలో కనిపిస్తుందని ఆ డాక్టరు చెప్పారు. పరీక్ష తప్పు చూపలేదు, కార్టిసాల్ నిజంగానే పెరిగింది. కానీ దాన్ని పెంచింది గడ్డ కాదు, తాగుడు.

తీవ్రమైన డిప్రెషన్‌లోనూ కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులను మెదడే తరుముతుంది, రాత్రి తగ్గాల్సిన కార్టిసాల్ తగ్గదు. ఊబకాయంలో పొట్ట, బీపీ, షుగర్ చూసి అనుమానం వస్తుంది, మూత్ర పరీక్ష కూడా కొద్దిగా ఎక్కువ చూపవచ్చు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ ఆ డెక్సామెథసోన్‌నే ఒంట్లో త్వరగా విరిగిపోయేలా చేసి ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

అలాగని అనుమానాన్ని కొట్టిపారేయమనడం లేదు. అసలు కుషింగ్స్ కూడా డిప్రెషన్, బరువు తెస్తుంది. వేలి వెడల్పు ఊదారంగు చారలు, చిన్న తాకిడికే కమిలే చర్మం, గొంతుక్కూర్చుని లేవలేకపోవడం ఉంటే పట్టించుకోవాల్సిందే. అయితే బాగా తాగేవాళ్లలో కమలడం, నీరసం కూడా ఉంటాయి. అందుకే మానాక మళ్లీ పరీక్షించడం అంత ముఖ్యం. అసలు జబ్బైతే అప్పుడూ తగ్గదు.

హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఇప్పుడు పొద్దున పూట కార్టిసాల్ ఒక్కటి కలిపి అమ్ముతున్నారు. కుషింగ్స్ ఉందో లేదో దానితో తేలదు. ఈ పరీక్ష రాసే ప్రతి ఫారంలో తాగుడు, డిప్రెషన్, వాడే మందుల గురించి మూడు గడులు తప్పనిసరి చేయాలని, రెండు రకాల పరీక్షలు నిర్ధారించేదాకా ఎంఆర్ఐకి పంపవద్దని, మొదటి ఫలితానికి కారణం తాగుడైతే మానాక తిరిగి చూడాలని ఆరోగ్యశాఖ ఆదేశించాలి.

— ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ