కాలి గోట్లో నల్ల మచ్చ: దెబ్బా, మెలనోమానా?

అందరికీ నమస్కారం. మన ఒంటి రంగువాళ్లలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అరుదే. కానీ వచ్చిందంటే ఎక్కువగా అరికాల్లోనో, అరచేతిలోనో, గోటి కిందో వస్తుంది. దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి ఆనెకాయ అనో, దెబ్బ అనో నెలలు గడిచిపోతాయి. ఈలోపు అది లోతుకు దిగుతుంది. ప్రమాదమంతా ఆ లోతులోనే.

గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే 55 ఏళ్ల మనిషి బొటనవేలి గోట్లో నల్ల మచ్చ ఉందనుకుందాం. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. కాలి గోరు నెలకు 1–1.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గడ్డకట్టిన రక్తమైతే రెండు నెలల్లో మచ్చ ముందుకు జరిగి, వెనక తెల్లటి గోరు కనిపిస్తుంది. మెలనోమా చార గోరు పుట్టే చోటు నుంచే అలాగే ఉంటుంది, వెడల్పవుతుంది.

చాలా గోళ్లలో సన్నటి చారలుంటే మనవాళ్లకు మామూలే. ఒక్క గోట్లోనే కొత్తగా వచ్చి, 3 మిల్లీమీటర్లు దాటినా, నలుపు పక్క చర్మంలోకి పాకినా, గోరు చీలినా రెండు నెలలు ఆగొద్దు. వెంటనే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. బయాప్సీ ముక్క గోరు పుట్టే మొదట్లోంచి తీయాలి. కత్తిరించిన గోటి ముక్క ఒక్కటే చాలదు. ఆనెకాయ పట్టీ, కాల్చడం అస్సలు వద్దు.