మలపరీక్ష చేయించండి, తర్వాతి తేదీ కూడా రాయించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గాజువాకలో ఉంటాను. ఇరవై ఏళ్లకు పైగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఇంటింటి సర్వేలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల గురించి అడుగుతున్నారు. మంచిదే. పెద్దపేగు క్యాన్సర్‌ను కూడా అందులో చేర్చమని అడగడానికే ఈ లేఖ. అయితే ఎలా చేర్చాలన్నది ముఖ్యం. దానికి మా అన్నయ్య కథ చెప్పాలి.

2019లో ఒక క్యాంపులో అన్నయ్యకు, మలంలో కంటికి కనిపించని రక్తాన్ని వెతికే ఫిట్ అనే పరీక్ష చేశారు. పాజిటివ్ వచ్చింది. 'మొలలున్నాయి కదా, వాటి రక్తమే అయ్యుంటుంది, మళ్లీ చేసి చూద్దాం' అన్నారు. నెల తర్వాత చేస్తే నెగటివ్. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నాం. రోజూ ఇలాంటి శాంపిళ్లు చూసే నేనూ అనుకున్నాను, అదే ఇప్పటికీ మింగుడుపడదు. 2021లో నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది. కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీలో పెద్దపేగు కుడివైపు గడ్డ బయటపడింది. అప్పటికి ఆయన వయసు 52.

పేగులోని గడ్డ గానీ, పాలిప్ అనే బుడిపె గానీ రోజూ రక్తం కార్చదు. ఒకరోజు కారుస్తుంది, వారం ఊరుకుంటుంది. అందుకే రెండోసారి నెగటివ్ వచ్చినంత మాత్రాన మొదటి పాజిటివ్ తప్పయిపోదు. ఫిట్ పాజిటివ్ వస్తే చేయాల్సింది ఇంకో ఫిట్ కాదు, కొలనోస్కోపీ. మొలలున్నా సరే.

నెగటివ్ వచ్చినవాళ్లకు ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చేయాలనడానికి కారణం కూడా ఇదే. ఒక్కసారి చేసిన ఫిట్ ఉన్న క్యాన్సర్లలో సుమారు మూడు వంతులను పట్టుకుంటుంది, నాలుగో వంతు తప్పించుకుంటుంది. క్యాన్సర్‌గా మారే అవకాశమున్న పెద్ద పాలిప్‌లైతే నాలుగింట ఒకటే దొరుకుతుంది. పాలిప్ క్యాన్సర్ కావడానికి చాలావరకు పదేళ్ల దాకా పడుతుంది కాబట్టి, ఈసారి తప్పినది వచ్చే ఏడో ఆపైఏడో దొరికే అవకాశం ఉంటుంది. ఒక్క క్యాంపు పెట్టి ఫొటోలు దిగి వెళ్లిపోతే ఈ పరీక్షకు సగం విలువే. కొలనోస్కోపీ అలా కాదు, పేగంతా కళ్లతో చూస్తారు. పేగు బాగా శుభ్రపడి, ఏమీ కనిపించకపోతే మామూలు మనిషికి పదేళ్ల వరకు మళ్లీ అక్కర్లేదు. రెండు చిన్న పాలిప్‌లు తీస్తే ఏడు నుంచి పదేళ్లు. సెంటీమీటరు, అంతకంటే పెద్దది తీస్తే మూడేళ్లు. పేగు శుభ్రపడటానికి ఇచ్చే విరేచనాల మందు సరిగా తాగక పేగు మురికిగా ఉంటే అసలు చూసినట్టే లెక్క కాదు, ఏడాది లోపే మళ్లీ చేయాలి.

మా ఇంటి లెక్క వేరు. తోడబుట్టినవాడికి 60 లోపే వచ్చింది కాబట్టి నాకు 40 ఏళ్లకు గానీ, ఆయనకు వచ్చిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలవ్వాలి. 52లో పది తీస్తే 42, కాబట్టి 40. ఆ తర్వాత అయిదేళ్లకోసారి. అన్నయ్యకు జబ్బు తెలిసేనాటికే నాకు 48. 2022లో చేయించుకుంటే శుభ్రంగా ఉంది. రిపోర్టు చివర 'అవసరమైతే రండి' అని రాశారు. అవసరం అంటే ఏమిటో మా ఆవిడకు అర్థం కాలేదు. ఫైలు అట్ట మీద నేనే '2027' అని పెన్నుతో రాసుకున్నాను.

ఇంకో విషయం మన ఊరిది. ఫిట్ వెతికేది మనిషి రక్తంలోని గ్లోబిన్ అనే ప్రొటీన్‌ను. అందుకే ముందురోజు మాంసం తిన్నా ఫర్వాలేదు, పాత రకం మలపరీక్షలా పత్యం అక్కర్లేదు. కానీ ఆ గ్లోబిన్ వేడికి చెడిపోతుంది. మే నెలలో శాంపిల్ ట్యూబును మధ్యాహ్నమంతా బండి డిక్కీలో పెట్టి తిప్పితే, రక్తం ఉన్నా నెగటివ్ రావచ్చు. పాడేరు కొండల నుంచి ల్యాబుకు చేరాల్సిన శాంపిళ్ల సంగతి చెప్పక్కర్లేదు. టీకాలకు ఐస్ బాక్సులు మోసే ఏఎన్ఎమ్‌లకు ఇది కొత్త కాదు, ట్యూబుకూ ఒకటి ఇప్పించండి చాలు.

ఇక ఎంత రక్తం ఉంటే పాజిటివ్ అనాలన్నది. అమెరికాలో సాధారణంగా గ్రాము మలానికి 20 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్. గీత ఎంత పైన గీస్తే కొలనోస్కోపీకి అంత తక్కువ మంది వస్తారు. 2019లో ఇంగ్లండ్ 120 దగ్గర గీత గీసి, రెండేళ్లకోసారి పెట్టుకుంది, తమకున్న కొలనోస్కోపీ సత్తా చూసుకునే. మనమూ ముందు విశాఖ కేజీహెచ్‌లో, అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రిలో నెలకు ఎన్ని కొలనోస్కోపీలు అదనంగా చేయగలరో లెక్క తీసి, ఆ తర్వాతే గీత గీయాలి. పాజిటివ్ అని చెప్పి నెలల తరబడి క్యూలో కూర్చోబెట్టడం కంటే అదే నయం.

సర్వే ఫారంలో రెండు గడులు అడుగుతున్నాను. ఒకటి, అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందా, ఏ వయసులో అని. రెండోది, తర్వాతి పరీక్ష ఏ సంవత్సరం అని. అన్నయ్య కొడుక్కి ఇప్పుడు ఇరవై ఏడేళ్లు. వాడి ఫారంలో ఆ రెండో గడి ఖాళీగా ఉండకూడదు.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక ల్యాబ్ టెక్నీషియన్