టీవీ లాన్ పోర్టు వేగం, అప్‌డేట్ తర్వాత పనిచేయని అడాప్టర్: మూడో ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం వారికి,

విషయం: ఇంటి సర్వర్ నుంచి 4కె సినిమాలు చూస్తుంటే మీ టీవీలో బొమ్మ ఆగిపోవడం గురించి

నమస్కారం.

మీరు తయారుచేసిన 65 అంగుళాల 4కె టీవీ గురించి నేను చేస్తున్న మూడో ఫిర్యాదు ఇది. మొదటి రెండిటినీ ‘పరిష్కారమైంది’ అని రాసి మూసేశారు, కానీ సమస్య అలాగే ఉంది. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్తవాళ్ళు ఎత్తుతున్నారు, కథంతా మొదటినుంచీ చెప్పుకోవాల్సి వస్తోంది. అందుకే ఈసారి అంతా రాసి పంపుతున్నాను. టీవీలో నెట్‌వర్క్ భాగం చూసే ఇంజనీరు చేతికి ఈ ఉత్తరం చేరేలా చూడండి.

మా ఇంట్లో ఏర్పాటు చాలా మామూలుది. పక్క గదిలో రెండు డిస్కులున్న నాస్ పెట్టె ఉంది, అందులో జెల్లీఫిన్ మీడియా సర్వర్ నడుస్తుంది. నాస్ నుంచి రౌటర్‌కు ఒక కేబుల్, రౌటర్ నుంచి హాల్లో ఉన్న టీవీకి ఇంకో కేబుల్. టీవీలో జెల్లీఫిన్ యాప్ తెరిచి, నా దగ్గరున్న డిస్కుల నుంచి కాపీ చేసి పెట్టుకున్న సినిమాలు చూస్తాం. హెచ్‌డీ సినిమాలు ఏ ఇబ్బందీ లేకుండా ఆడతాయి. పెద్ద 4కె సినిమాలతోనే తంటా. బాగా ఆడుతూ ఆడుతూ ఒకచోట ఆగి, తెర మధ్యలో చక్రం తిరుగుతుంది. పది పదిహేను సెకన్ల తర్వాత మళ్ళీ మొదలవుతుంది, కాసేపటికి మళ్ళీ ఆగుతుంది. రెండుసార్లు ఇలా అయ్యాక మా అమ్మ ‘నీ పెట్టె బాగోలేదురా’ అని లేచి వెళ్ళిపోయింది. నేనూ తప్పు నాస్‌దే అనుకున్నాను. డిస్కులు పరీక్షించాను, సర్వర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. దానికే రెండు వారాంతాలు పోయాయి.

అసలు సంగతి తట్టింది ఒకే సినిమాను మూడోసారి పెట్టినప్పుడు. మూడుసార్లూ 47వ నిమిషంలోనే ఆగింది, రాత్రిపూట వానలో జరిగే పోరాటం దగ్గర. నెట్‌వర్క్ అప్పుడప్పుడూ తడబడుతుంటే ఒకరోజు ఇక్కడ, ఇంకోరోజు అక్కడ ఆగాలి. ప్రతిసారీ అదే సన్నివేశంలో ఆగుతోందంటే కారణం ఆ సన్నివేశంలోనే ఉందన్నమాట. వాన చినుకులు, చీకట్లో గరుకుగా కనిపించే గ్రెయిన్, వేగంగా కదిలే మనుషులు ఉన్నచోట వీడియోకు మామూలు కంటే చాలా ఎక్కువ డేటా కావాలి.

ఆ సినిమా నిడివి 2 గంటల 8 నిమిషాలు, ఫైలు 61 జీబీ. మొత్తం మీద సగటు తీస్తే సెకనుకు దాదాపు 63 మెగాబిట్లు. సగటు చూస్తే ఏ నెట్‌వర్కైనా మోయగలదనిపిస్తుంది, నేను మోసపోయింది కూడా అక్కడే. సగటు కాకుండా ఏ సెకనుకు ఎంత డేటా ఉందో చూడాలని కంప్యూటర్లో ఈ కమాండ్ నడిపాను:

```
ffprobe -v error -select_streams v:0 -show_entries packet=pts_time,size -of csv=p=0 film.mkv > packets.csv
```

ఇది ప్రతి ఫ్రేము సమయాన్నీ, అది ఎన్ని బైట్లుందో దాన్నీ ఒక ఫైల్లో రాస్తుంది. వాటిని స్ప్రెడ్‌షీట్‌లో సెకన్లవారీగా కూడి, 8తో గుణించాను. వాన సన్నివేశంలో వరసగా 50 సెకన్ల పాటు సగటున 118 మెగాబిట్లు వచ్చాయి.

అప్పుడు సినిమా టీవీలో ఆడుతుండగా నాస్‌లోని నెట్‌వర్క్ గ్రాఫ్ తెరిచి కూర్చున్నాను. సినిమా మొదలైనప్పటినుంచీ గీత ఎక్కుతూ దిగుతూ ఉంది. వాన మొదలయ్యేసరికి పైకి లేచి, సెకనుకు 11.7 మెగాబైట్ల దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా నిలబడిపోయింది. అక్కడినుంచి ఒక్క పిసరు పైకి పోలేదు. కాసేపటికి తెరమీద చక్రం తిరిగింది. 11.7 మెగాబైట్లంటే సుమారు 94 మెగాబిట్లు. 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ లైన్లో ప్యాకెట్ల హెడర్లు పోగా డేటాకు మిగిలేది సరిగ్గా అంతే.

ఇక లెక్క సులువు. ఆ 50 సెకన్లకు కావలసింది 5,900 మెగాబిట్లు, లైన్ ఇవ్వగలిగేది 4,700. లోటు 1,200 మెగాబిట్లు, అంటే 150 మెగాబైట్లు. టీవీలో యాప్ ముందుగా తెచ్చి దాచుకునే డేటా అంతకంటే తక్కువైతే సినిమా ఆగక తప్పదు, ఆగుతోంది కూడా.

రౌటర్ పేజీలో చూస్తే నాస్ ఉన్న పోర్టు పక్కన 1000 అని ఉంది, టీవీ ఉన్న పోర్టు పక్కన 100 అని ఉంది. మీ సేవా కేంద్రం వారికి ఈ సంగతి చెబితే, కేబుల్లో లోపం ఉంటుందన్నారు. ఆ అనుమానం నేను కాదనను. గిగాబిట్ లింకుకు కేబుల్లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. మిగతా రెండింటిలో ఒక జత తెగినా లింకు 100కు పడిపోవచ్చు. అందుకే టీవీ వెనకనుంచి అదే కేబుల్ పీకి ల్యాప్‌టాప్‌కు పెట్టి చూశాను. రౌటర్ పేజీలో వెంటనే 1000 వచ్చింది, `iperf3`తో కొలిస్తే 941 మెగాబిట్లు వచ్చాయి. మళ్ళీ టీవీకి పెడితే 100. ఇంతా చెప్పినా మీ టెక్నీషియన్ వచ్చి కేబుల్ మార్చి, సినిమా పెట్టి చూడకుండానే ఫిర్యాదు మూసేసి వెళ్ళారు. కొత్త కేబుల్‌తోనూ రౌటర్ చూపించేది 100 మాత్రమే.

అంటే మీ టీవీలో పెట్టిన లాన్ పోర్టే 100 మెగాబిట్లది. ఆ ప్రమాణం 1995లో వచ్చింది. రాగి తీగ మీద గిగాబిట్ ప్రమాణం 1999లోనే వచ్చేసింది. ఆన్‌లైన్ సేవల 4కె చిత్రాలకు సాధారణంగా 25 మెగాబిట్లలోపే చాలు కాబట్టి మీకు ఈ పోర్టు సరిపోతుందనిపించి ఉండవచ్చు. చాలామంది కొనుగోలుదార్లకు ఇది ఎప్పటికీ తెలియకపోవచ్చు కూడా. కానీ పెట్టె మీదా, మాన్యువల్లోనూ ‘4కె’, ‘ఇంటి నెట్‌వర్క్ నుంచి సినిమాలు చూడవచ్చు’ అని రాసి, లాన్ ఎదురుగా ‘ఉంది’ అని ఒక్క మాటతో సరిపెట్టారు. వేగం ఎంతో ఎక్కడా లేదు. ఆ ఒక్క అంకె కనిపించి ఉంటే నేను ఇంకో మోడల్ చూసుకునేవాణ్ణి.

ఫోన్‌లో మీ వాళ్ళు రెండు ఉపాయాలు చెప్పారు. రెండూ చేసి చూశాను. వై-ఫైకి మారమన్నారు. టీవీని రౌటర్ ఉన్న గదిలోకి తీసుకెళ్ళి పెడితే 5 గిగాహెర్ట్జ్ వై-ఫైలో ఆ సినిమా ఆగకుండా ఆడింది. హాల్లో మధ్యలో రెండు గోడలున్నాయి, అక్కడ వేగం ఒక గంట ఉన్నట్టు ఇంకో గంట ఉండదు. ఆ బాధ లేకుండా ఉండాలనే కదా గోడవెంట కేబుల్ లాగించుకున్నది. రెండోది, యాప్‌లో నాణ్యత తగ్గించుకోమన్నారు. అలా తగ్గిస్తే సర్వర్ సినిమాను ఉన్నది ఉన్నట్టు పంపదు, అప్పటికప్పుడు ట్రాన్స్‌కోడ్ చేసి పంపుతుంది. సర్వర్ డ్యాష్‌బోర్డులో `Direct playing` అని ఉండాల్సిన చోట `Transcoding` అని వచ్చింది, నాస్ ప్రాసెసర్ వంద శాతానికి చేరింది, బొమ్మ ముందుకంటే ఎక్కువసార్లు ఆగింది. ఆడిన కాసేపూ హెచ్‌డీఆర్ పోయి రంగులు వెలిసిపోయినట్టున్నాయి. ఫైలును ఉన్నది ఉన్నట్టు డీకోడ్ చేయగల చిప్పు మీ టీవీలోనే ఉంది. డేటా దానిదాకా చేరే దారి ఇరుకుగా ఉందని సినిమాను చెడగొట్టుకోమనడం సరికాదు.

నాకు నేనుగా కనుక్కున్న మార్గం ఒకటుంది, ఈ ఫిర్యాదుకు ముఖ్య కారణం అదే. టీవీ యూఎస్‌బీ పోర్టుకు ఒక గిగాబిట్ ఈథర్‌నెట్ అడాప్టర్ తగిలించి, కేబుల్ దానికి పెట్టాను. టీవీ దాన్ని వెంటనే గుర్తించింది. మీ యూఎస్‌బీ పోర్టు 2.0 రకం కాబట్టి పూర్తి గిగాబిట్ రాదు, అయినా నాస్ గ్రాఫ్ సెకనుకు 37 మెగాబైట్ల దాకా లేచింది. అంటే దాదాపు 300 మెగాబిట్లు, నాకు కావలసిన దానికి రెండింతలకు పైనే. వాన సన్నివేశం మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ రోజు అమ్మను పిలిచి సినిమా మొత్తం చూపించాను. నాలుగు నెలలు అలాగే హాయిగా గడిచింది.

పోయిన నెల మీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ రాత్రికి రాత్రి దానంతటదే ఎక్కింది. తెల్లారేసరికి టీవీ ఆ అడాప్టర్‌ను గుర్తించడం మానేసింది. అడాప్టర్ చెడిపోలేదు, ల్యాప్‌టాప్‌కు పెడితే పనిచేస్తోంది. అదే చిప్పున్న ఇంకో అడాప్టర్ తెచ్చి పెట్టినా టీవీలో ఫలితం అదే. అప్‌డేట్‌కు ముందు టీవీలో ఉన్న డ్రైవర్‌ను ఇప్పుడు తీసేశారని నా అనుమానం. పాత ఫర్మ్‌వేర్‌కు వెనక్కి వెళ్ళే వీలు మెనూలో లేదు. ‘యూఎస్‌బీ అడాప్టర్‌కు మేము హామీ ఇవ్వలేదు’ అని మీ ప్రతినిధి చేతులు దులుపుకున్నారు. మాన్యువల్లో హామీ లేదన్న మాట నిజమే. కానీ పోర్టు తక్కువ వేగానిదని చెప్పకుండా అమ్మి, దానికి నేను నా ఖర్చుతో వెతుక్కున్న దారిని కూడా మూసేస్తే నేనేం చేయాలి?

నేను అడుగుతున్నవి ఇవి. తర్వాతి అప్‌డేట్‌లో యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్‌ను మునుపటిలా పనిచేసేలా చేయండి. డ్రైవర్ నిన్నటిదాకా టీవీలో ఉన్నదే కాబట్టి కొత్తగా తయారుచేయాల్సిన పనేమీ ఉండదనుకుంటున్నాను. అది కుదరదంటే, కారణం రాతపూర్వకంగా తెలిపి, లాన్ పోర్టు గిగాబిట్ ఉన్న మోడల్‌తో మార్చండి లేదా టీవీ వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వండి. దీంతోపాటు టీవీ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ‘కనెక్ట్ అయింది’ అన్న మాట పక్కన లింకు వేగం కూడా చూపించండి. ఆ ఒక్క అంకె తెర మీద ఉంటే నేను రెండు వారాంతాలు నాస్‌ను విప్పి చూసుకునేవాణ్ణి కాదు, మీ టెక్నీషియన్‌కూ ఆ ప్రయాణం తప్పేది.

నాస్ గ్రాఫ్ ఫొటో, రౌటర్ పేజీలో 100, 1000 కనిపించే రెండు స్క్రీన్‌షాట్లు, ల్యాప్‌టాప్ మీద `iperf3` ఫలితం, సెకన్లవారీ డేటా ఉన్న స్ప్రెడ్‌షీట్ జతచేశాను. కేబుల్ మార్చడానికి మళ్ళీ మనిషిని పంపవద్దు. ఎవరైనా వస్తే మాత్రం 47వ నిమిషం నుంచి సినిమా పెట్టి, నాస్ గ్రాఫ్ పక్కన పెట్టుకుని చూపించడానికి నేను సిద్ధంగా ఉంటాను.

15 రోజుల్లో మీ జవాబు రాతపూర్వకంగా వస్తుందని ఎదురుచూస్తాను. రాకపోతే ఇవే ఆధారాలతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ టీవీ కొనుగోలుదారు
(బిల్లు నకలు, టీవీ సీరియల్ నంబరు, పాత రెండు ఫిర్యాదుల నంబర్లు జతచేసిన కాగితంలో ఉన్నాయి)