గేటు వాలిన కస్టమర్లకు మా వర్క్‌షాపు మాట

"గేటు పెట్టిన కొత్తలో చక్కగా పడేది. ఇప్పుడు గడియ అందట్లేదు, కింది కడ్డీ నేలలోని బొక్కలోకి దిగట్లేదు. బొక్క కాస్త పెద్దది చేసి వెళ్లండి చాలు."

బొక్క పెద్దది చేయం. అలా చేస్తే కడ్డీ దిగుతుంది కానీ గాలికి రెక్క ఊగి ఊగి కడ్డీ వంగిపోతుంది. వాలు మాత్రం ఆగదు.

లోపం బందుల్లో ఉంది. ఈ ఎండాకాలం మాకు వచ్చిన బుల్లెట్ బందుల్లో 16 మి.మీ. పిన్నుకు 18 మి.మీ. బొక్క ఉంది. ఎప్పుడూ తెచ్చుకునే చోటే తెచ్చాం. అడిగితే "గేటుకి ఆ మాత్రం లూజు ఉండాలి" అన్నారు. లెక్క చూడండి. రెక్క వెడల్పు 5 అడుగులు, బందుల మధ్య ఎడం 4 అడుగులు. బరువుకి పై పిన్ను బయటికి లాగుతుంది, కింది పిన్ను లోపలికి తోస్తుంది. రెండు చోట్లా కలిపి 4 మి.మీ. కదిలితే రెక్క కొస 5 మి.మీ. కిందికి జారుతుంది. గడియ కొక్కెం తప్పడానికి అది చాలు. రెక్కతో పాటు కింది మూల కూడా స్తంభం వైపు జరుగుతుంది కాబట్టి కడ్డీ బొక్క అంచుకి కొట్టుకుంటుంది.

మీరే చూసుకోవచ్చు. రెక్క కొసను చేత్తో పైకెత్తుతూ పై బందును గమనించండి. అక్కడ టకటక కదిలితే బందుదే తప్పు. బందు కదలకుండా స్తంభమే ఊగుతుంటే అది మేస్త్రి పని, మేం వెల్డింగ్ చేసినా నిలవదు.

ఈ ఎండాకాలంలో పెట్టిన గేట్లకు బందులు మార్చే ఖర్చు మాదే. రెక్క కింద చెక్క ముక్కలు దూర్చి, కొసను 2–3 మి.మీ. ఎత్తుగా నిలబెడతాం. పాతవి గ్రైండర్‌తో కోసి, పై పిన్ను, కింది పిన్ను ఒకే నిలువులో వచ్చేలా తూకం గుండు వేలాడదీసి, ముందు ట్యాకులే, అంటే తాత్కాలికంగా చిన్న చుక్క వెల్డింగులే వేస్తాం. చెక్క ముక్కలు తీసి రెక్కను సగంలో వదిలితే ఉన్న చోటే నిలవాలి. తనంతట తాను తిరిగితే పిన్నులు ఒకే నిలువులో లేనట్టే, ట్యాకులు కోసి మళ్లీ సరిచేయాలి. నిలిచాకే పైనొక ముక్క, కిందొక ముక్కగా పూర్తి వెల్డింగ్. ఒకే చోట సాగదీస్తే వేడికి బందు వెల్డింగ్ వైపు గుంజుకుంటుంది.

చల్లారాకే గడియ పని. కింది కడ్డీ అన్నిటికన్నా ఆఖరు. కడ్డీ కొసకి రంగు పూసి వదిలితే నేల మీద చుక్క పడుతుంది. కడ్డీ దిగే గొట్టం ముక్కను సరిగ్గా ఆ చుక్క మీదే పాతి, నీళ్లు ఇంకేలా అడుగున కంకర వేస్తాం. ఇది ముందు పాతేసి గేటును దానికి సరిపెట్టమంటే మాత్రం మా వల్ల కాదు.

పాత సప్లయర్ దగ్గర ఇక బందులు కొనం. కొత్త చోట జతకి ఎక్కువే అడిగారు, ఇచ్చాం. పిన్ను తొడిగి చేత్తో ఆడించి చూశాకే తీసుకుంటున్నాం. మీ గేటు ఎప్పుడు పెట్టించారో చెప్పి వాట్సాప్‌లో బందు ఫోటో పంపండి.