రెండు ఫ్రీక్వెన్సీలు కావు, ఒకే ఫ్రీక్వెన్సీకి పావు చక్రం తేడా

సంపాదకుడు గారికి,

నమస్కారం. రెండు వారాల కిందట మీ ఆదివారం సంచికలో కేబుల్ టీవీ సిగ్నల్ గురించి వేసిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసులో ఒకటే చికాకు. వేరే ఎవరైనా రాస్తారేమోనని చూశాను, రాయలేదు. ముప్పై ఏడేళ్లు హన్మకొండలో టీవీ రిపేరు షాపు నడిపినవాణ్ణి. ఈ తప్పును చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

కేబుల్‌లో డిజిటల్ సిగ్నల్‌ను పంపే క్వామ్ పద్ధతిలో "రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీల మీద" రెండు సిగ్నళ్లు పంపుతారని, రిసీవర్ "ముందు సిగ్నల్ బలాన్ని, తర్వాత ఫేజ్‌ను కొలుస్తుంద"ని మీ వ్యాసంలో ఉంది. ఫేజ్ అంటే అల తన చక్రంలో ఎంత ముందుకో వెనక్కో జరిగి ఉందన్నది. పైగా బొమ్మలో ఒక అల పొడుగ్గా, ఇంకో అల పొట్టిగా గీశారు. రెండు మాటలూ తప్పు, బొమ్మా తప్పు. రెండు ఫ్రీక్వెన్సీలే వాడేటట్లయితే దానికి రెండింతల జాగా కావాలి, అందులో గొప్పేముంది? క్వామ్‌లో ఫ్రీక్వెన్సీ ఒక్కటే. సమాచారాన్ని మోసే అలను క్యారియర్ అంటాం. ఒకే క్యారియర్‌ను రెండుగా తీసుకుని, రెండోదాన్ని పావు చక్రం, అంటే 90 డిగ్రీలు, జరుపుతారు. మొదటిదాని మీద ఒక సంఖ్య, రెండోదాని మీద ఇంకో సంఖ్య ఎక్కించి, రెండింటినీ కలిపి ఒకే వైరులో పంపుతారు. ఈ సంఖ్యలనే ఐ, క్యూ అంటారు.

కలిసిపోయినవి మళ్లీ ఎలా విడిపోతాయన్నదే అసలు సంగతి. మీ వ్యాసం దాని జోలికే పోలేదు. రిసీవర్‌లో కూడా అదే ఫ్రీక్వెన్సీలో అల పుట్టించే ఒక ఆసిలేటర్ ఉంటుంది. వచ్చిన సిగ్నల్‌ను దానితో గుణించి, ఫిల్టర్‌తో సగటు తీస్తారు. ఈ గుణించే భాగాన్నే మిక్సర్ అంటాం. ఒకే మిక్సర్ ఉంటే ఏమవుతుందో ముందు చూద్దాం. సిగ్నల్ ఎత్తు A, మన ఆసిలేటర్‌తో పోలిస్తే దాని ఫేజ్ φ అనుకుంటే, లెక్కలోని సగం గుణకాన్ని పక్కన పెడితే, మిక్సర్ ఇచ్చేది ఇంతే:

```
I = A cos φ
```

మిక్సర్ నుంచి 3 వచ్చిందనుకోండి. ఎత్తు 3, ఫేజ్ సున్నా అయినా 3 వస్తుంది. ఎత్తు 6, ఫేజ్ 60 డిగ్రీలు అయినా 3 వస్తుంది. ఎందుకంటే 60 డిగ్రీల కొసైన్ సగం. ఫేజ్ సరిగ్గా 90 అయితే ఎంత బలమైన సిగ్నల్ వచ్చినా మిక్సర్ సున్నా చూపిస్తుంది. అంటే ఆ ఒక్క సంఖ్యతో ఎత్తూ తెలియదు, ఫేజూ తెలియదు. ఇప్పుడు అదే సిగ్నల్‌ను పావు చక్రం జరిపిన ఆసిలేటర్‌తో ఇంకో మిక్సర్‌లో కూడా గుణించండి. అది ఇచ్చేది A sin φ. మొదటి సందర్భంలో రెండో మిక్సర్ సున్నా చూపిస్తుంది, రెండో సందర్భంలో దాదాపు 5.2 చూపిస్తుంది. అనుమానం అక్కడితో తీరిపోతుంది. రెండు సంఖ్యల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే ఎత్తు వస్తుంది, వాటి నిష్పత్తి నుంచి, ప్లస్ మైనస్ గుర్తులు కూడా చూసుకుంటే, ఫేజ్ వస్తుంది. రిసీవర్ ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి కొలవదు. రెండు గుణకారాలు ఒకేసారి జరుగుతాయి, ఎత్తు, ఫేజ్ రెండూ వాటిలోనే ఉంటాయి.

పావు చక్రమే ఎందుకని అడిగే పిల్లలుంటారు. కొసైన్‌ను సైన్‌తో గుణిస్తే ఒక పావు చక్రం ప్లస్, తర్వాతి పావు మైనస్, మళ్లీ ప్లస్, మళ్లీ మైనస్. సగటు తీస్తే మిగిలేది సున్నా. అందుకే ఐ మిక్సర్‌లోకి క్యూ చొరబడదు, క్యూ మిక్సర్‌లోకి ఐ చొరబడదు. ఈ కోణం 90కి బదులు 87 అయిందనుకోండి. ఒకదానిలో అయిదు శాతానికి కాస్త ఎక్కువ రెండోదానిలోకి కారుతుంది. ఐ, క్యూ జతలు మొత్తం అరవై నాలుగు ఉండే 64 క్వామ్‌లో ఒక్కో వైపు విలువలు 1, 3, 5, 7, వాటి మైనస్‌లు. పక్క విలువలోకి పడిపోవడానికి 1 దూరం చాలు. 7లో ఆ మేరకు కారితేనే 0.37 పోయింది. మిగతా నాయిస్‌కు మిగిలిన జాగా ఎంతో మీరే చూడండి.

ఇదేదో డిజిటల్ కాలంలో పుట్టిన విద్య అన్నట్టు కూడా వ్యాసంలో రాశారు. అదీ సరికాదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలప్పుడు మనకు కలర్ టీవీ వచ్చింది కదా, పాల్ అనే ఆ కలర్ పద్ధతి సిగ్నల్‌లో రంగు వచ్చింది ఈ దారిలోనే. రంగు కోసమే పెట్టిన 4.43 మెగాహెర్ట్జ్ సబ్‌క్యారియర్ మీద రెండు రంగు సిగ్నళ్లను పావు చక్రం తేడాతో ఎక్కించేవారు. దాని ఎత్తు రంగు చిక్కదనం, దాని ఫేజ్ ఏ రంగు అన్నది. టీవీలోని ఆసిలేటర్‌కు ఫేజ్ తెలియడానికి బొమ్మలోని ప్రతి గీత మొదట్లో దాదాపు పది చక్రాల చిన్న ముక్క పంపేవారు, దాన్ని బర్స్ట్ అంటాం. బర్స్ట్ అందకపోతే రంగు పోయి బ్లాక్ అండ్ వైట్ బొమ్మ మిగిలేది. ఆ సెట్లు విప్పి బాగుచేసిన మెకానిక్‌లు ఈ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో ఒక్కర్ని అడిగినా మీ వ్యాసంలో ఈ తప్పు పడేది కాదు.

ఈ తప్పుడు అవగాహన పేపర్‌తో ఆగడం లేదు కాబట్టే ఇంత రాస్తున్నాను. ఈ వర్షాకాలం మా వీధిలో నాలుగైదు ఇళ్లలో సెట్‌టాప్ బాక్సులు గళ్లుగళ్లుగా పడి ఆగిపోవడం మొదలైంది. వారం రోజులు ఫోన్లు చేస్తే ఒక కుర్రాడు వచ్చాడు. "సిగ్నల్ తక్కువుంది అంకుల్, ఆంప్లిఫయర్ పెడితే సెట్టయితది" అని ఒకటి బిగించి పోయాడు. అంతకుముందు అప్పుడప్పుడు ఆగే బొమ్మ ఆ రోజు నుంచి పూర్తిగా ఆగిపోయింది. మళ్లీ ఫోన్ చేస్తే, సిగ్నల్ ఫుల్‌గా ఉంది, మీ టీవీలోనే లోపమన్నారు. మా పక్కింటావిడ ఆ మాట నమ్మి కొత్త టీవీ కొనడానికి సిద్ధమైంది.

మా మేనల్లుడు ఇంకో జిల్లాలో కేబుల్ లైన్ పని చేస్తాడు. పండక్కి వచ్చినప్పుడు వాడి మీటర్ తెచ్చి పెట్టాడు. సిగ్నల్ బలం 78 డీబీ మైక్రోవోల్ట్, అవసరానికి మించి ఉంది. ఎంఈఆర్ మాత్రం 23 డీబీ. ఎంఈఆర్ అంటే ఐ, క్యూ జతలను పటం మీద పెడితే వచ్చే చుక్కలు తమ అసలు చోటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే లెక్క, ఎంత ఎక్కువుంటే అంత మంచిది. 64 క్వామ్‌కు ఇంటి దగ్గర 30 పైన ఉండాలని లైన్ పనిలో ఉన్నవాళ్లు చూసుకుంటారు. మీటర్‌లో చుక్కల పటం తెరిచాడు. ఐ ఒక అక్షం, క్యూ ఒక అక్షం, అరవై నాలుగు చుక్కలు చదరంగం గళ్లలా ఉండాలి. మా ఇంట్లో మధ్య చుక్కలు కొంత అలుక్కుపోయి ఉన్నాయి, నాలుగు మూలల చుక్కలు మాత్రం లోపలికి లాగినట్టు వంగి ఉన్నాయి.

"మామా, మూలలు ముడుచుకున్నయంటే ఆంప్లిఫయర్ మీద లోడెక్కువైంది" అన్నాడు. వాడన్నది నిజం. మూల చుక్కల ఎత్తు అన్నిటికంటే ఎక్కువ. ఆంప్లిఫయర్ మోయలేని స్థితికి వచ్చినప్పుడు ముందు నలిగేవి అవే. పటం ఏ రూపంలో చెడిందో చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. గళ్లన్నీ సమానంగా మబ్బుపట్టినట్టుంటే నాయిస్. మధ్యలో బాగుండి మూలలు వంపుగా గీతల్లా సాగితే ఆసిలేటర్ ఫేజ్ వణుకుతోంది. పటం మొత్తం చతురస్రం పోయి రాంబస్‌లా పక్కకు నొక్కుకుపోయి ఉంటే నేను చెప్పిన ఆ 90 డిగ్రీలు తప్పాయి. బలం చూపే ఒక్క సంఖ్యలో ఇవేవీ కనిపించవు.

ఆ ఆంప్లిఫయర్ తీసేశాడు. స్తంభం మీది కనెక్టర్ విప్పితే లోపల నీళ్లు, రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. వైరు రెండు జానలు కోసి కొత్త కనెక్టర్ వేశాడు. బలం 60కి దిగింది, ఎంఈఆర్ 33కి పెరిగింది. మూడు నెలలుగా వీధిలో ఒక్క బాక్సూ ఆగలేదు. పక్కింటావిడ పాత టీవీయే చూస్తోంది.

బలం చూసి వెళ్లిపోయిన ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. వాడి చేతికి బలం చూపే మీటరే ఇచ్చారు. పైగా వాడు డిప్లొమా చదివిన పిల్లాడు. ఫేజ్ జరిగితే చుక్క ఎందుకు పక్కగడిలో పడుతుందని అడిగితే, ఆ ప్రయోగం కిట్ పాడైందని, రికార్డులో సీనియర్లది చూసి రాశామని చెప్పాడు. దేశంలోనే మొదటి ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ 1959లో వచ్చిన ఊరు ఇది. ఈ ఊళ్లో డిప్లొమా ఇచ్చి ప్రయోగం చూపించకపోవడం నాకు బాధగా ఉంది. పాడైన కిట్లను ఏళ్ల తరబడి బీరువాల్లో పెట్టి, తనిఖీకి వచ్చినప్పుడు అద్దం తుడిచి చూపించే అధికారులు దీనికి జవాబు చెప్పాలి.

ఆ ప్రశ్నకు జవాబు కాగితం మీద కూడా తేలుతుంది. ఆసిలేటర్ ఫేజ్ కాస్త తప్పితే పటం మొత్తం మధ్య బిందువు చుట్టూ తిరుగుతుంది. 16 క్వామ్‌లో మూల చుక్క 3, 3 దగ్గర ఉంటుంది, దాని ఎత్తు 4.24. సరిహద్దు 2 దగ్గర. లెక్క వేస్తే, దాదాపు 17 డిగ్రీలు తిరిగితే గాని అది పక్క గడిలోకి పోదు. 64 క్వామ్‌లో మూల 7, 7, సరిహద్దు 6. అక్కడ 7.7 డిగ్రీలకే పోతుంది. 256 క్వామ్‌లో 3.7 డిగ్రీలు చాలు. ఇది నాయిస్ ఏమీ లేనప్పటి మాట, నిజంగా వైరులో అంత కూడా ఓపిక ఉండదు. ఒక్కో చుక్కతో 64 క్వామ్ ఆరు బిట్లు మోస్తుంది, 256 క్వామ్ ఎనిమిది. ఆ రెండు బిట్ల కోసం ఆసిలేటర్ రెండింతలకు పైగా నిలకడగా ఉండాలి. స్పీడు పెంచామని ప్రకటనలు వేసేవాళ్లు పాత కనెక్టర్లు మార్చకపోతే ఏమవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

మీరు సవరణ వేయాలి. ఏదో మూల రెండు లైన్లు కాకుండా అదే ఆదివారం పేజీలో, బొమ్మతో సహా వేయాలి. ఈసారి రెండు అలలూ ఒకే పొడవుతో గీయించండి. ఒకటి శిఖరం మీద ఉన్నప్పుడు ఇంకొకటి సరిగ్గా సున్నా దగ్గర ఉండాలి.

ఇట్లు,
ఒక పాత టీవీ మెకానిక్,
సుబేదారి, హన్మకొండ